జ్ఞానాంబ వాకిట్లో కోడలి ముగ్గు

గురువారం పొద్దున ఐశ్వర్య పొయ్యి మీద పాలు పెట్టి, ఒక కంట ఫోను చూసుకుంటూ ఉండగా వీధిలోంచి ఒక్క ఏడుపు వినిపించింది. మామూలు ఏడుపు కాదు. రాగం తీసి, గుండెలు బాదుకుంటూ ఏడ్చే ఏడుపు.

"అయ్యో జ్ఞానాంబా! పండగ కూడా చెయ్యకుండా పోతివా తల్లీ!"

ఐశ్వర్య చేతిలో గరిటె కింద పడింది. అత్తగారు జ్ఞానాంబ తిరుపతిలో ఆసుపత్రి మంచం మీద ఉంది. మొగుడు మోహన్‌కృష్ణ ఆమె పక్కనే ఉన్నాడు. ఇంట్లో తనూ, మామగారు వరదయ్యా మాత్రమే. ఆసుపత్రి నుంచి ఫోను రాలేదు. మరి వీధిలో వాళ్ళకు ముందు తెలిసిందా? గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

వచ్చింది పై వీధి చంద్రకాంతమ్మ. కొంగు నెత్తిన కప్పుకుని, గడప దగ్గర కూలబడి ఉంది. ఐశ్వర్యను చూడగానే రాగం ఇంకో మెట్టు ఎక్కింది. "యాడికి తీసకపోయినారమ్మా? ఎప్పుడు జరిగె? నాకొక కబురన్నా చెప్పకపోతిరే!"

"ఏం జరిగింది? మీకెవురు చెప్పినారు?" అంది ఐశ్వర్య.

చంద్రకాంతమ్మ ఏడుపు ఆపి, ముక్కు తుడుచుకుని చూసింది. "ఎవురూ చెప్పలేదుమే. మూడు దినాలుగా వాకిట్లో ముగ్గు లేదు గదా. రేపు వరలక్ష్మి పండగ. అయినా ముగ్గు లేదు. ఇంక నేనేం అనుకోవాల?"

అదీ సంగతి. మన దిక్కున ఇల్లు నోరు తెరిచి చెప్పదు, వాకిలి చెబుతుంది. తెల్లారి ముగ్గు పడితే ఇంట్లో అంతా కులాసా. చావు జరిగిన ఇంట్లో ముగ్గెయ్యరు. చంద్రకాంతమ్మ అబద్ధం ఏమీ ఆడలేదు పాపం, వాకిలి చెప్పింది చదువుకుంది, అంతే. మూడు రోజుల కిందట జ్ఞానాంబకు గుండె పట్టేసినట్టయి కారులో తిరుపతికి తీసుకుపోయారు. ఆ గాభరాలో ముగ్గు మాట ఎవరికి గుర్తుంటుంది?

"అత్త బాగుండాది. రేపు ఆపరేషను," అంది ఐశ్వర్య. బాగుందో లేదో తనకు మాత్రం ఏం తెలుసు?

చంద్రకాంతమ్మ సిగ్గుపడి కొంగు దించుకుంది గానీ, ఏడుస్తూ వచ్చిన దారంతా ఆమె వెనక మాట కూడా నడిచే వచ్చింది. ఐరాల పెద్ద ఊరేం కాదు. పాలు పొంగి చల్లారేలోగా నలుగురు వాకిట్లోకి తొంగి చూసిపోయారు. ఎవరో ఇంకెవరికో ఫోను చేశారు. వాళ్ళు పరామర్శకని ఏకంగా జ్ఞానాంబ ఫోనుకే చేశారు. అవతల ఎత్తింది జ్ఞానాంబే.

ఆ తర్వాత ఐశ్వర్య ఫోను మోగింది.

"ఏమే ఐశ్వర్యా," అంది అత్తగారి గొంతు. ఊపిరి మధ్య మధ్యలో తెగుతోంది. "నేను చచ్చిపోయినానంట గదా. నాకే చెప్పకపోతే ఎట్లమే?"

"అత్తా, అది..."

"వాకిలి బోసిగా పెట్టినావంట."

ఐశ్వర్యకు పెళ్ళయి రెండేళ్ళు. చిత్తూరులో మిద్దె మీద అద్దె ఇంట్లో పెరిగింది. అక్కడ గుమ్మం ముందు ముగ్గు బొమ్మ స్టిక్కరు ఒకటి ఉండేది, దాన్నే తడిగుడ్డతో తుడిచేవాళ్ళు. ఈ ఇంటికి వచ్చాక ముగ్గు గిన్నె అత్తగారి చెయ్యి దాటి రాలేదు. ఒకటి రెండుసార్లు "నేను వేస్తా అత్తా" అంటే, "నువ్వేసేది వాకిలా, పిల్లకాయలు ఆడుకునే తొక్కుడుబిళ్ళా?" అని నవ్వేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వులోనే నేర్చుకోవడం రేపటికి, ఆ రేపు ఇంకో రేపటికి జరుగుతూ వచ్చింది.

"ఇను," అంది జ్ఞానాంబ. "రేప్పొద్దున నన్ను ఆపరేషనుకు లోపలికి తీసకపోతారంట. పోయేలోగా నా వాకిట్లో పండగ ముగ్గు పడాల. ఫోటో తీసి పంపాల. అది నా కండ్లతో చూస్తేగానీ ఆ ఆసుపత్రి తోపుడు బండి ఎక్కేదిల్యా. డాక్టరు కాదు, ఆయన్ని కన్న నాయనొచ్చినా ఎక్కను."

"చంద్రకాంతమ్మను పిలిచి వేయిస్తాలే అత్తా."

"ఎవురో ఏసి పోతే అది బాడుగ ముగ్గు. ఇంటి మనిషి ఏయాల." తర్వాత గొంతు చాలా చిన్నదయింది. "బోసి వాకిలి పెట్టుకోని లోపలికి పోతే నేను తిరిగొస్తానా? నువ్వే చెప్పు."

ఈ మాటతో ఐశ్వర్యకు అర్థమయింది. ఊరందరినీ ఒక్క కేకతో అదిలించే మనిషి భయపడుతోంది.

మోహన్‌కృష్ణ ఫోను తీసుకుని వరండాలోకి నడిచినట్టున్నాడు, వెనక గోల మారింది. "ఐశూ, ఏదో ఒకటి చెయ్. రక్తనాళాలు మూడు మూసుకుపోయి ఉండాయంట. రేపు వద్దంటే ఆ డాక్టరు మళ్ళీ వచ్చేది వచ్చే వారమే. అన్ని దినాలు ఆగుతుందో లేదో చెప్పలేమని అన్నాడు. సంతకం పెట్టు అంటే మొహం గోడవైపు తిప్పుకునింది."

"నాకు ముగ్గు రాదని నీకు తెలుసు కదా!"

"తెలుసు. అమ్మకూ తెలుసు. పోయిన సంవత్సరం ఫోటో ఉండాది కదా, దాన్ని చూసి ఏసెయ్."

చూసి వేసెయ్ అని ఎంత తేలిగ్గా అన్నాడో! ఐశ్వర్య ఫోనులో ఆ ఫోటో తీసింది. పోయిన శ్రావణంలో ఇదే గుమ్మం. రెండు పక్కలా అరటి పిలకలు, పైన మామిడాకుల తోరణం, పసుపు రాసిన గడప మీద వరుసగా కుంకుమ బొట్లు, ముందర వాకిలి నిండా ముగ్గు. మెలికలు తిరిగిన తీగలు, తీగల మధ్య తామరలు, తామరల మధ్య కలశం, మూలల్లో చిలకలు. వరసకు ఇరవైకి పైగా చుక్కలు పెట్టి జ్ఞానాంబ వేసిన ముగ్గు అది. ఆ రోజు వీధి వీధంతా వచ్చి చూసిపోయింది.

మామగారు వరదయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని, భార్యను ఆసుపత్రికి తీసుకుపోయిన రోజు నుంచి మాట్లాడటం మానేసిన మనిషి. "మామా, ముగ్గు పిండి యాడ పెట్టింది అత్త?" అంటే చేత్తో గోడలో గూడు చూపించాడు, అంతే.

మధ్యాహ్నానికి ఐశ్వర్య వాకిలి కడిగింది. ఫోను ఎదురుగా నిలబెట్టుకుని చుక్కలు మొదలుపెట్టింది. ఫోటోలో గుమ్మం దగ్గర చుక్కలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, కనుక అలాగే పెట్టింది. వీధివైపు వచ్చేకొద్దీ ఎడం ఎక్కువగా ఉంది, ఎడంగానే పెట్టింది. కుడివైపు కొన్ని చుక్కలు వాలిన అరటాకు చాటున ఉండి కనబడలేదు, వాటిని మనసుకు తోచినట్టు పెట్టింది. నేల ఇంకా నీళ్ళు ఓడుతోంది. పిండి పడగానే నాని ముద్దలయింది. వేళ్ళ సందుల్లోంచి ఒకసారి పిడికెడు జారుతుంది, ఒకసారి అసలు రాదు. తీగ కలపబోతే అవతలి చుక్క యాడికో పారిపోయి ఉంటుంది. లేచి నడుము మీద చెయ్యి వేసుకుని చూసింది. అది ముగ్గులా లేదు. ఏదో ప్రమాదం జరిగిన చోటులా ఉంది.

"ఏం మే, చేట ఏస్తా ఉండావా?"

ఎదురింటి రంజాన్‌బీ. ఆమె, ఆమె మొగుడు కాశిం సాహెబు వరండాలో కుట్టు మిషను పెట్టుకుని ఆడవాళ్ళ బట్టలు కుడతారు. ఆ మిషను ముందు కూర్చుంటే నేరుగా కనబడేది జ్ఞానాంబ వాకిలే.

"చేట కాదు రంజానత్తా, ముగ్గు," అని, ఆ మాట పూర్తి కాకుండానే ఐశ్వర్య ఏడ్చేసింది. ఏడుస్తూనే అంతా చెప్పింది. ఆపరేషను, ఫోటో, తోపుడు బండి, గోడవైపు తిరిగిన మొహం.

రంజాన్‌బీ చెప్పులు విడిచి దగ్గరికి వచ్చింది. ఫోను తీసుకుని, చేయి చాచి దూరంగా పెట్టి చూసింది. "ఈ ఫోటో మీ ఆయన వీధిలో నిలబడి తీసినాడు కదా? అందుకే దగ్గరది పెద్దగా, దూరంది చిన్నగా కనబడతా ఉండాది. రైలు పట్టాలు పోనుపోను కలిసిపోయినట్టు అగుపడవా, అట్ల. నువ్వు అగుపడినట్టే ఏసినావు. పైన సన్నం, కింద వెడల్పు. చేట గాక ఏమైతాది?"

ఐశ్వర్య కళ్ళు తుడుచుకుని చూసింది. నిజమే. చుక్కలన్నీ సమంగానే ఉంటాయి. వంకర ముగ్గులో లేదు, చూసిన కోణంలో ఉంది.

"నీకు ముగ్గు వచ్చునా అత్తా?"

"యాడ వస్తుంది! నా బతుకులో పిండి పట్టింది రొట్టెలకే. కానీ ముప్పై ఏండ్లుగా మిషను తొక్కుతా మీ అత్త చెయ్యినే చూస్తా ఉండా. ఏది ముందో ఏది వెనకో తెలుసు. నేను చెయ్యి పెట్టను, నోరు పెడతా. నోటికి నాకు తక్కువ లేదు, మీ కాశిం మామను అడుగు."

వరండాలోంచి కాశిం సాహెబు తలెత్తకుండానే, "దానికి సాక్షి కూడా కావాల్నా!" అన్నాడు.

ఇద్దరూ ముందు ఆ చేటను ఊడ్చేశారు. వాకిట్లోనే చతికిలబడ్డారు.

"సూడు పిల్లా," అంది రంజాన్‌బీ. "పెండ్లికూతురి జాకెట్టు ఫోటో ఒకటి పట్టుకోని వస్తారు నా దగ్గరికి. దాంట్లో ఉండే పనంతా కుట్టాలంటే నా వల్లేం అయితాది? అందుకే అడుగుతా, దీంట్లో నీ కంటికి ముందు పడేది ఏది అని. ఆ ఒక్కటే పెడతా. మిగిలిందంతా ఇడిసిపెడతా. ఇప్పుడు నువ్వు చెప్పు. ఫోను మూసేసి చెప్పు. ఆ గుమ్మంలో నీకు ఏం గుర్తుండాది?"

ఐశ్వర్య కళ్ళు మూసుకుంది. చిలకలు గుర్తు రాలేదు. మెలికల తీగలు అసలే గుర్తు రాలేదు. "నడిమధ్య తామర," అంది. "పైన మామిడాకులు. గడప మీద బొట్లు."

"సాలు. తామర నడిమికి. మామిడాకులు నాలుగు మూలలకు. బొట్లు అంచుకు. లక్ష్మీదేవికి తామర కంటే ఏం కావాల?"

"మరీ చిన్నదిగా ఉంటే అత్త ఏమనుకుంటుందో. పండగ ముగ్గు ఇట్లనా అని బెంగపడి..."

"వంకర పోయిన పెద్దది చూస్తే ఇంకా బెంగ పడదా?"

ఐశ్వర్య ఫోను తీసుకుపోయి అరుగు మీద పెట్టేసింది.

రంజాన్‌బీ ఇంట్లోంచి పాత పేపరు, కత్తెర తెచ్చింది. పేపరును నలుచదరంగా కత్తిరించి, సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, ఆపైన మూలగా ఇంకో మడత పెట్టింది. కుట్టుపని చేతికి కొలతలు అక్కర్లేదు. కొస దగ్గర వంపు తిప్పుతూ ఒక్క కోత కోసి మడత విప్పింది. ఎనిమిది రేకుల పువ్వు వాకిట్లో పరుచుకుంది.

ఐశ్వర్య నోరు తెరుచుకుని ఉండిపోయింది. పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె మొహం మీద ఏదో వెలుతురు కనిపించింది.

"దీన్ని పెట్టుకోని చుట్టూ గీస్తే అయిపాయె కదా!"

"గాలికి ఎగిరిపోతాది, పిండి కిందికి పోతాది. ఇది గీసేదానికి కాదు, చూసుకునేదానికి. ఎంత పెద్దగా ఉంటే నీ చెయ్యి అందుతాది, ఎంత ఉంటే తలుపు తీసినోళ్ళు తొక్కకుండా పోతారు అని. యాడ కాళ్ళు పడతాయో ఆడ ముగ్గు రాకూడదు."

పేపరు పువ్వును వాకిట్లో అటు జరిపి ఇటు జరిపి చూశారు. గుమ్మానికి మరీ దగ్గరగా పెడితే గడప దిగే కాలు రేకు మీదే పడుతోంది. ఇంకొంచెం వీధివైపు జరిపారు. అక్కడ పెడితే రెండు పక్కలా నడిచే దారి మిగిలింది.

తర్వాత పేపరు తీసేసి, మిద్దె మీదికి పోయి సుద్దముక్కతో అభ్యాసం. మధ్యలో ఒక చుక్క. దాని మీదుగా నిలువు గీత, అడ్డ గీత, ఆపైన రెండు మూల గీతలు, అన్నీ కంటికి కనిపించీ కనిపించనట్టు. అప్పుడు ఎనిమిది దిక్కులు వచ్చాయి. ప్రతి దిక్కులో మధ్య నుంచి జానెడు దూరంలో ఒక చుక్క, రెండు జానల దూరంలో ఇంకో చుక్క. రంజాన్‌బీ కండెలోంచి దారం తెంచి, దాని కొసకు సుద్దముక్క కట్టి ఇచ్చింది. ఆ దారం రెండో కొసను నడిమి చుక్క మీద నొక్కిపెట్టి తిప్పితే జానెడు చుక్కలన్నిటినీ కలుపుతూ గుండ్రం వచ్చింది. బయటి చుక్క ప్రతిదీ ఒక రేకు మొన. గుండ్రం మీద రెండు దిక్కుల నడుమ మొదలుపెట్టి, మొన దాకా పోయి, అవతలి పక్క అంతే దూరంలో దిగిపోవడమే.

మొదటి పువ్వుకు ఒక రేకు బొజ్జ పెంచింది. రెండోదానికి రెండు రేకులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "వరసగా ఎయ్యొద్దుమే," అంది రంజాన్‌బీ. "మీ అత్త ముందు పైనది ఏస్తాది, తర్వాత కిందది, తర్వాత రెండు పక్కలది. మూలలు ఆఖరికి. అట్లయితే ఒగటి పెద్దదయినా ఎదురుది దానికి సరిపోతాది." అలా వేసిన నాలుగో పువ్వు పువ్వులా వచ్చింది.

ఇక పిండి. సన్న పిండి ఊరికే జారిపోతుందని జ్ఞానాంబ గూట్లో ముగ్గు పిండితో కలిపి పెట్టిన బియ్యప్పిండి కనబడింది. బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టి, చెయ్యి నేలకు కొంచెం ఎత్తులో పెట్టి, ఆగకుండా జరుపుతూ పోవాలి. చెయ్యి ఆగితే కుప్ప, తొందరపడితే తెగుడు. గీత వంకర పోయినప్పుడల్లా ఐశ్వర్య తుడిచి మళ్ళీ మొదలుపెట్టింది. పొద్దు వాలేదాకా అదే పని.

శుక్రవారం ఇంకా వెలుతురు రాకముందే ఐశ్వర్య కసువు ఊడ్చి కళ్ళాపి చల్లింది. ఈసారి నేల తడి ఆరి చెమ్మ మాత్రం మిగిలేదాకా ఓపిక పట్టింది. గడపకు పసుపు రాసి బొట్లు పెట్టింది. కూర్చుని నడిమి చుక్క పెట్టింది. ఇది మిద్దె కాదు. ఇక్కడ వంకర పోతే అక్కడ ఒక మనిషి బండి ఎక్కదు. ఎక్కకపోతే...

"ఆలోచన మాను, చెయ్యి కదిలించు," అని ఎదురు వరండాలోంచి రంజాన్‌బీ గొంతు. ఎప్పుడు లేచిందో, మిషను ముందు కూర్చుని ఉంది.

గుండ్రం వచ్చింది. పై రేకు, కింది రేకు, పక్క రేకులు వచ్చాయి. లోపలి నుంచి బయటికి వేస్తూ, వేసినదాన్ని తొక్కకుండా వెనక్కి వెనక్కి జరుగుతూ పోయింది. మూల రేకుల్లో ఒకటి వేస్తుండగా లోపల ఫోను మోగింది. చెయ్యి అదిరింది. రేకు మొన చుక్కను అందకుండానే మొండిగా తిరిగిపోయింది.

వరదయ్య ఫోను తెచ్చి ఇచ్చాడు. మోహన్‌కృష్ణ. "అయిందా? బండి తెచ్చినారు. అమ్మ చూడను కూడా చూడటం లేదు. వీళ్ళు తొందర పెడతా ఉండారు."

"వస్తా ఉండాది, వస్తా ఉండాది," అంది ఐశ్వర్య. ఫోను కింద పెట్టి మొండి రేకును చూసింది. తుడిచి దిద్దాలా? చెమ్మ నేల మీద తుడిస్తే పాలు ఒలికినట్టు తెల్లగా అలుక్కుపోతుంది. దాన్ని అలాగే వదిలేసింది. నాలుగు మూలలా మామిడాకులు వేసింది. తామర నడుమ పసుపు, రేకుల మొనల్లో కుంకుమ. చుట్టూ చదరంగా అంచు గీత గీసి, హమ్మయ్య అని లేచి, ఫోను ఎత్తి ఫోటో తీయబోయింది.

"ఆగు! ఆగు మే!"

రంజాన్‌బీ చెప్పులు కూడా లేకుండా వీధి దాటి పరిగెత్తుకొచ్చింది. "ఒంటి గీతా? పండగ ముగ్గుకు మీ అత్త ఎన్నడన్నా ఒంటి గీత ఏసిందా? జంట గీత ఉండాల. మీ పెద్దాయన, అదే వరదయ్య వాళ్ళ నాయన పోయినప్పుడు ఈ వాకిట్లోనే చూసినా, ముగ్గు లేదు, శవం లేచినాంక గీసిన ఒక్కటంటే ఒక్క గీత!"

అరుగు మీద వరదయ్య లేచి నిలబడ్డాడు. ఆయన కళ్ళు ఆ ఒంటి గీత మీదే ఉన్నాయి. చావు గీత. ఆ ఫోటోయే పోయి ఉంటే? అత్తగారు గీతలు చదువుకున్న మనిషి. ఒక్క చూపు చాలు, మళ్ళీ గోడవైపు తిరగడానికి.

"ఏయమ్మా, ఇంకో గీత ఏయి," అన్నాడు వరదయ్య. నాలుగు రోజుల్లో తనంతట తానుగా ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట. "నేను పిండి పట్టుకుంటా."

మామ గిన్నె పట్టుకుని పక్కనే వంగి నడుస్తుంటే, కోడలు మొదటి గీతకు వేలెడు ఎడంగా రెండో గీత పోసుకుంటూ నాలుగు పక్కలా తిరిగింది. రెండు గీతల నడుమ ఎర్రటి బొట్లు పెట్టింది, అచ్చం గడప మీద పెట్టినట్టు. ఈసారి ఫోటోను వీధిలోంచి కాకుండా అరుగు మీదికి ఎక్కి, పైనుంచి కిందికి చూస్తూ తీసింది. ఉన్నది ఉన్నట్టు కనిపించాలి కదా.

పంపింది.

ఆ తర్వాత గడిచిన కాసేపు ఉంది చూడండి, అది కాసేపులా గడవలేదు. ఫోటో చేరిందని గుర్తు వచ్చింది. చూసినట్టు గుర్తు వచ్చింది. జవాబు రాలేదు. వరదయ్య గిన్నె కింద పెట్టడం కూడా మరిచిపోయి నిలబడ్డాడు. రంజాన్‌బీ పెదాలు కదులుతున్నాయి, ఆమె దేవుణ్ణి ఆమె తలుచుకుంటోంది. ఐశ్వర్యకు మాత్రం ముగ్గంతా మాయమై మొండి రేకు ఒక్కటే కళ్ళ నిండా కనిపిస్తోంది.

ఫోను మోగింది. వీడియో కాలు. తెరలో జ్ఞానాంబ మొహం, ఆకుపచ్చ టోపీలో చిన్నపిల్ల మొహంలా.

"ఎవురేసినారు?"

"నేనే అత్తా."

"ఎవురూ చెయ్యి పెట్టలేదా?"

ఇవతల రంజాన్‌బీ వంగి ఫోనులోకి మొహం పెట్టింది. "నోరు పెట్టింది నేను. చెయ్యి మాత్రం దానిదే. అల్లా సాక్షి."

"నీ నోరు లేకుండా ఆ వీధిలో ఏం జరిగింది గనక!" అంది జ్ఞానాంబ. ఆయాసపడింది. మళ్ళీ ఫోటోలోకి చూసినట్టుంది. "చిలకలేవీ?"

"నాకు రాలేదత్తా."

"చిలకలు నాకూ పదేండ్లు రాలేదులే." ఊపిరి తీసుకుంది. "ఈ ఈశాన్యం మూల రేకు ఏందే, పిల్లి కొరికినట్టు మొండిగా ఉండాది?"

"ఫోను మోగింది అత్తా. చెయ్యి అదిరింది."

"ఫోను మోగితే మోగనీ. ముగ్గు నడమ చెయ్యి ఎత్తకూడదు. ఇంటికి వచ్చినాంక చూపిస్తా." తర్వాత పక్కకు తిరిగి, "ఒరే మోహనా, ఆ బండి దగ్గరికి తోసుకోని రా. అట్ల నిలబడి చూస్తావేం?" అంది.

తెర నల్లబడింది.

వచ్చినాంక అంది. ఆ మాటను పట్టుకుని ఐశ్వర్య పగలంతా గడిపింది. పూజ చేసింది, చేతులు చేశాయి, తను చేసిందో లేదో గుర్తు లేదు. పిలవకపోయినా పేరంటాళ్ళు వచ్చారు. అందరూ ముగ్గు పక్కన ఉన్న దారిలో జాగ్రత్తగా నడిచి లోపలికి వచ్చారు. చంద్రకాంతమ్మ అందరికంటే ముందు వచ్చి, తాంబూలం తీసుకుని, నిన్నటి ఏడుపు ఎవరూ ఎత్తకుండా ఉండాలని అందరి పిల్లల యోగక్షేమాలూ అడిగింది. ఫోను మోగినప్పుడల్లా ఐశ్వర్య మొహం పాలిపోయింది. పొద్దు గుంకాక మోహన్‌కృష్ణ చేశాడు. ఆపరేషను అయింది. గొట్టాలు పెట్టారు. ఇంకా కళ్ళు తెరవలేదు, రేపు గానీ చెప్పలేం అన్నారు.

శనివారం పొద్దున చీపురు పరక పట్టుకుని వాకిట్లోకి వచ్చిన ఐశ్వర్య అక్కడే నిలబడిపోయింది.

ముగ్గు చెక్కు చెదరకుండా ఉంది. కుంకుమ కొంచెం చెదిరింది, చీమలు కొన్ని రేకుల అంచులు తిన్నాయి, అంతే. కొత్త ముగ్గు వెయ్యాలంటే పాతది ఊడ్చాలి. ఊడ్చాలని ఆమెకు తెలుసు. కానీ చెయ్యి కదల్లేదు. దీన్ని చూశాకే అత్తగారు లోపలికి పోయింది. ఇంకా కళ్ళు తెరవలేదు. ఇప్పుడు దీన్ని ఊడ్చేస్తే? పరక కొస నేలకు తాకి, మళ్ళీ పైకి లేచింది. మళ్ళీ తాకి, మళ్ళీ లేచింది.

మిషను ముందు రంజాన్‌బీ అది చూసింది. ఈసారి అరవలేదు. నడిచి వచ్చి పక్కన నిలబడింది.

"భయంగా ఉండాదా?"

ఐశ్వర్య తలూపింది.

"మీ అత్త దీనికంటే మంచి ముగ్గులు ఈ చోట ఎన్ని ఊడ్చేసిందో నేను చూసినా పిల్లా. ఊర్లో వాళ్ళంతా వచ్చి చూసిపోయిన దాన్ని కూడా మర్నాడు సూర్యుడు రాకముందే ఊడ్చేస్తా ఉండింది. ఒక్కదినం కూడా చెయ్యి ఆపలేదు. నేనే అయ్యో అంటా ఉంటి, ఆమె కాదు. పాత ముగ్గు మీద రెండో దినం పొద్దు పొడిస్తే అది ముగ్గు కాదు, మురికి అనేది."

ఐశ్వర్య పరక నేలకు ఆనించి మొండి రేకు దగ్గర మొదలుపెట్టింది. పిండి పొగలా లేచింది. ముగ్గంతా ఊడ్చేసింది. కళ్ళాపి చల్లి, నేల చెమ్మగా మారేదాకా పక్కన గొంతు కూర్చుని కాచుకుంది. నడిమి చుక్క పెట్టింది.

మూడో రేకు వేస్తుండగా లోపల ఫోను మోగింది.

చెయ్యి ఎత్తలేదు. వేళ్ళ నడుమ పిండి సన్నగా జారుతూనే ఉంది. మొన దాకా పోయింది, అవతలి పక్క దిగింది, గుండ్రాన్ని అంటుకుంది. అప్పుడు తలెత్తింది.

గుమ్మంలో వరదయ్య ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన గడ్డం అదురుతోంది. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆ వెలుతురులో తెలియలేదు.

"కండ్లు తెరిచిందంట," అన్నాడు. "ఎవురినో తిడతా ఉండాదంట."

ఐశ్వర్య కూర్చున్న చోటే ముందుకు వంగి, పిండి చేతులతోనే మొహం కప్పుకుంది. రంజాన్‌బీ ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఇంకా అయిదు రేకులు మిగిలి ఉన్నాయి.